ఒకే కొలమానంతో మౌఖిక పరీక్ష: సహాయ ఆచార్యుల ఎంపికలో ప్రశ్నలు, మార్కుల రూపకల్పన

1. ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో వెలువరించిన నిబంధనల ప్రకారం సహాయ ఆచార్యుల నియామకంలో విద్యార్హతలకు, పరిశోధన పత్రాలకు, బోధనానుభవానికి లభించే మార్కులు మౌఖిక పరీక్షకు ఎవరిని పిలవాలో తేల్చడానికే ఉపయోగపడతాయి. తుది ఎంపిక మౌఖిక పరీక్షలో అభ్యర్థి కనబరిచిన ప్రతిభపైనే ఆధారపడుతుంది. ఏళ్ల కృషి అభ్యర్థిని గది తలుపు దాకా తీసుకువస్తుంది. ఉద్యోగాన్ని లోపల గడిచే కొద్ది నిమిషాలు నిర్ణయిస్తాయి. ఆ కొద్ది నిమిషాల్లో ఒకరిని నన్నయ గురించి, మరొకరిని సొంత ఊరి గురించి, ఇంకొకరిని పర్యవేక్షకుని గురించి అడిగి, చివరకు ముగ్గురికీ ఒకే పట్టికలో మార్కులు వేస్తే ఆ అంకెలను పోల్చడానికి ఆధారమేమీ ఉండదు.

ఇది న్యాయస్థానం దృష్టికి వచ్చిన విషయమే. శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ప్రవేశాలకు సంబంధించిన అజయ్ హాసియా కేసులో (1981) ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలే కేటాయించారనీ, తల్లిదండ్రులను గురించీ నివాసాన్ని గురించీ అడిగారనీ అభ్యర్థులు ఆరోపించారు. మొత్తం మార్కుల్లో మూడోవంతును అటువంటి మౌఖిక పరీక్షకు ఉంచడం నిర్హేతుకమని సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. మనోవిజ్ఞాన పరిశోధనలూ ఇదే దిశలో సాగాయి. ఉద్యోగుల ఎంపిక పద్ధతులపై వెలువడిన అధ్యయనాలను పాల్ సాకెట్, ఆయన సహపరిశోధకులు 2022లో పునఃపరిశీలించారు. మౌఖిక పరీక్ష మార్కులకూ తర్వాతి పనితీరుకూ మధ్య సహసంబంధం నిర్మాణాత్మక పద్ధతిలో 0.42గా, ముందస్తు ప్రణాళిక లేని పద్ధతిలో 0.19గా వారు అంచనా వేశారు.

అందరికీ ఒకే ప్రశ్నలు వేయడమే నిర్మాణాత్మక పద్ధతి అన్న భావన సాధారణంగా కనిపిస్తుంది. అది సగం మాత్రమే. ఒకే ప్రశ్నకు వచ్చిన ఒకే జవాబుకు ఒక సభ్యుడు నాలుగు, మరొకరు రెండు వేస్తే ప్రశ్నల సమానత్వం వల్ల ఒరిగేదేమీ లేదు. ఏ జవాబుకు ఎన్ని మార్కులో ముందే వాక్యాల్లో రాసిపెట్టుకోవడమే ఈ పద్ధతికి ప్రాణం.

2. ప్రశ్న పుట్టే చోటు

ప్రశ్నలు సభ్యుల అభిరుచి నుండి కాక, ఉద్యోగం నుండి పుట్టాలి. జాన్ ఫ్లానగన్ 1954లో వివరించిన 'కీలక సంఘటనల పద్ధతి' ఇందుకు తగినది. ఆ పని చేస్తున్నవారిని అడిగి, పని బాగా జరిగిన, చెడిన నిర్దిష్ట సందర్భాలను సేకరించడం ఇందులో మొదటి మెట్టు. లేథమ్, ఆయన సహపరిశోధకులు 1980లో ఇటువంటి సంఘటనలనే "ఈ స్థితిలో మీరేం చేస్తారు?" అనే సందర్భ ప్రశ్నలుగా మార్చి పరీక్షించారు.

డిగ్రీ కళాశాల తెలుగు శాఖలో ఇలా వాకబు చేస్తే ద్వితీయ భాషా తరగతుల ప్రస్తావన తప్పక వస్తుంది. దాన్నుండి ఒక ప్రశ్నను తయారుచేయవచ్చు: "బి.కాం. మొదటి సంవత్సరం. భారత భాగం నుండి పద్యం చెబుతున్నారు. పది నిమిషాలయ్యాక, తరగతిలో సగంమంది పదాలను విడదీయలేకపోతున్నారని గమనించారు. ఇంకా ముప్పై నిమిషాలుంది. ఏం చేస్తారు?"

ఛందో లక్షణాలు, కవుల కాలాలు వంటి వాటిని ఇక్కడ అడగడం వృథా. అవి రాతపరీక్షలో తక్కువ ఖర్చుతో, ఎక్కువ కచ్చితంగా తేలుతాయి.

3. మార్కుల వివరణ

ఈ ప్రశ్నకు ఐదు మార్కులనుకుంటే, కనీసం మూడు స్థాయులకు వివరణ అవసరం. ఇబ్బంది సంధి దగ్గరా, పదార్థం దగ్గరా, అన్వయం దగ్గరా అని చిన్న ప్రశ్నతో తెలుసుకొని, ఒక పాదాన్ని విద్యార్థుల చేతనే విడదీయించి, మిగిలిన సమయానికి లక్ష్యాన్ని కుదించుకొని, చివర వారికి అర్థమైందో లేదో పరీక్షించే మార్గం చెప్పిన జవాబుకు 5. తానే పదవిభాగం చేసి ప్రతిపదార్థం చెప్పి, విద్యార్థి గ్రహింపును పరీక్షించే మాట ఎత్తని జవాబుకు 3. భావం చెప్పి ముందుకు సాగుతాననడం, నోట్సు రాయించడం, ఇంటర్మీడియట్ స్థాయి పడిపోయిందని వాపోవడం వరకే పరిమితమైతే 1. మధ్యలో పడే జవాబులకు 4, 2 మిగులుతాయి.

ఈ వివరణల్లో 'ఉత్తమం', 'మధ్యమం' వంటి విశేషణాలు లేకపోవడం గమనార్హం. అభ్యర్థి నోట వినిపించవలసిన పనులే ఉన్నాయి. అనుబంధ ప్రశ్నలు కూడా ముందే నిర్ణయమైపోవాలి: "ఇంకేమైనా చేస్తారా?", "అర్థమైందని ఎలా తెలుసుకుంటారు?" అని అందరినీ అడగాలి. ఇష్టమైన అభ్యర్థికి మాత్రమే ఊతమిచ్చే ప్రశ్న వేయడం పక్షపాతానికి అతి సులువైన దారి. అది చాలాసార్లు తెలియకుండానే జరుగుతుంది.

తెలుగు శాఖల్లో మరింత జాగ్రత్త అవసరమైన అంశం 'భాష'. దానికి ఐదు మార్కులు కేటాయించి వివరణ ఇవ్వకపోతే, సభ్యుడు తనకు అలవాటైన మాండలికానికి మార్కులు వేస్తాడు. ఉత్తరాంధ్ర యాసో తెలంగాణ యాసో ఉచ్చారణ దోషంగా నమోదవుతుంది. 'కఠిన పదాన్ని విద్యార్థికి తెలిసిన మాటల్లో వివరించగలగడం' అని కొలమానాన్ని రాసుకుంటే యాస దానంతటదే లెక్కలోంచి తప్పుకుంటుంది.

4. మార్కులు వేసే క్రమం

ప్రతి సభ్యుడూ జవాబు వింటూ కొద్ది మాటల్లో రాసుకొని, ఆ ప్రశ్నకు అప్పుడే మార్కు వేయాలి. ఇతరులతో చర్చ ఆ తర్వాతే. ముందుగా అధ్యక్షుని అభిప్రాయం వినిపిస్తే మిగతా అంకెలు దానివైపు జరుగుతాయి.

ఉదాహరణకు నాలుగు ప్రశ్నలు, ముగ్గురు సభ్యులు, మొత్తం 60 మార్కులు అనుకుందాం. మొదటి అభ్యర్థికి 44, రెండవ అభ్యర్థికి 45 వచ్చాయి. పట్టిక చూస్తే, పై పద్యబోధన ప్రశ్నకు మొదటి అభ్యర్థికి వచ్చినవి 5, 4, 2. రెండు మార్కులకు పైబడిన తేడా ఉంటే నోట్సు చదివి వినిపించాలన్నది ముందే చేసుకున్న నియమం. రెండు వేసిన సభ్యుని కాగితంలో 'తడబడ్డారు, ఆత్మవిశ్వాసం తక్కువ' అని ఉంది. మార్కుల వివరణలో ఆ మాటలు లేవు. జవాబులోని అంశాలను వివరణతో మళ్లీ పోల్చి ఆయన 4 వేస్తే మొత్తం 46 అవుతుంది, క్రమం తారుమారవుతుంది. అదే ఆయన కాగితంలో 'గ్రహింపును పరీక్షించే మాట చెప్పలేదు' అని ఉంటే ఆ మార్కును మార్చమనే హక్కు ఎవరికీ లేదు. సవరణ జరిగితే పాత అంకెను కొట్టివేసి, పక్కన కారణం రాసి, సంతకం చేయాలి.

ఒక్క మార్కు తేడాను ప్రతిభలో తేడాగా భావించడం సాహసమే. కనుక మొత్తాలు దగ్గరగా వస్తే ఏ ప్రశ్న మార్కు నిర్ణాయకమో పరీక్షకు ముందే రాసి ఉంచాలి. ఆంధ్రప్రదేశ్ జిల్లా న్యాయమూర్తుల ఎంపికకు సంబంధించిన కె. మంజుశ్రీ కేసులో (2008), మౌఖిక పరీక్షలో కనీస మార్కుల నియమాన్ని ఎంపిక ప్రక్రియ ముగిశాక చేర్చడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

5. పట్టికలో కనిపించే లోపాలు

పద్ధతి సరిగా నడవనప్పుడు మార్కుల పట్టికే ఆ సంగతి చెబుతుంది. ఒక సభ్యుడు ఒకరికి 4, 4, 4, 4, మరొకరికి 2, 2, 2, 2 వేస్తూ పోతే ఆయన ప్రశ్నలకు కాక మొదటి అభిప్రాయానికి మార్కులు వేస్తున్నారని అనుమానించాలి. ఏదైనా ప్రశ్నకు అందరికీ 3 వస్తే ప్రశ్నలోనో వివరణలోనో లోపముంది. అటువంటి ప్రశ్నను ముందుగా శాఖలోని ఇద్దరు ముగ్గురు అధ్యాపకులపై ప్రయోగించి ఉంటే సంగతి తేలిపోయేది.

మధ్యాహ్నం వచ్చినవారి మార్కులు ఉదయం వచ్చినవారి కన్నా అదేపనిగా ఎక్కువగా ఉంటే, వరండాలో ప్రశ్నలు బయటికి పొక్కి ఉండవచ్చు. ఒకే ప్రశ్నల పద్ధతికి ఇది సహజమైన బలహీనత. పరీక్ష ముగిసినవారు, వేచి ఉన్నవారు కలవకుండా వేరే దారి ఏర్పాటు చేయడం సులభమైన ఉపాయం. అది కుదరని చోట అదే కొలమానానికి సమాన స్థాయి ప్రశ్నలు రెండు సిద్ధం చేసి, పూటకొకటి వాడవచ్చు. అయితే రెండూ సమానమని నిరూపించడం కష్టం గనుక, సాధ్యమైతే అభ్యర్థులందరినీ ఒకే పూటలో ముగించడం మేలు.