చమురు ధర అక్కడే, ఫండు విలువ అడుగున

2006 ఏప్రిల్‌లో అమెరికాలో ‘యునైటెడ్ స్టేట్స్ ఆయిల్ ఫండ్’ మొదలైనప్పుడు యూనిట్ ధర 67 డాలర్ల పైచిలుకు. బ్యారెల్ చమురు ధర కూడా దాదాపు అంతే. 2018 ఆగస్టులో చమురు మళ్లీ ఆ దరిదాపుల్లోనే ఉంది. యూనిట్ మాత్రం 14 డాలర్లకు అటూ ఇటూగా పలికింది. రుసుములు కొంత తిన్నాయి గానీ ఇంత గండి వాటి వల్ల పడలేదు.

ఆ ఫండు దగ్గర చమురు చుక్క కూడా ఉండదు. ఉండేవి ఫ్యూచర్స్ కాంట్రాక్టులు. ఒక్కోటి ఫలానా నెలలో ఓక్లహోమాలోని కుషింగ్ దగ్గర వెయ్యి బ్యారెళ్లు అందుకునే ఒప్పందం. నిజంగా సరుకు దిగితే దాచే ట్యాంకులు ఫండుకు లేవు. అందుకే గడువు ముగిసేలోపు పాత కాంట్రాక్టు అమ్మి తర్వాతి నెలది కొంటుంది. దీన్నే రోలోవర్ అంటారు.

చమురు పుష్కలంగా ఉన్నప్పుడు, ఈరోజు కొని దాచేవాడికి ట్యాంకు అద్దె, వడ్డీ, బీమా ఖర్చవుతాయి. కాబట్టి వచ్చే నెల సరుకు కాస్త ఎక్కువ పలుకుతుంది. ఇదే కాంటాంగో. ఈరోజు ధర 50 డాలర్లు, వచ్చే నెలది 51 అనుకుందాం. ఫండు 51 వేలతో వెయ్యి బ్యారెళ్ల కాంట్రాక్టు కొంది. నెల గడిచింది, చమురు 50 దగ్గరే ఉంది. గడువు దగ్గరపడ్డ కాంట్రాక్టు ధర ఆనాటి ధరకు చేరాల్సిందే కనుక అది 50కి దిగింది. వెయ్యి డాలర్లు పోయాయి. మిగిలిన 50 వేలకు తర్వాతి నెల చమురు 980 బ్యారెళ్లే వస్తుంది. ఏడాదంతా ఇలాగే సాగితే పెట్టుబడిలో అయిదో వంతు పైగా హరించుకుపోతుంది.

తక్కువకు అమ్మి ఎక్కువకు కొనడమే నష్టమని చాలామంది చెబుతారు. అది సరికాదు. కాంట్రాక్టు మార్చుకున్న క్షణంలో ఫండు విలువ 50 వేలుగానే ఉంటుంది. నష్టం జరిగేది నెల పొడుగునా, 51 నుంచి 50కి జారడంలో.

నిల్వలు అడుగంటి, రిఫైనరీలకు సరుకు ఇప్పుడే కావాల్సి వస్తే వరస తిరగబడుతుంది. ఈ నెలది 50, వచ్చే నెలది 49 అవుతుంది. ఇది బ్యాక్‌వర్డేషన్. చమురు కదలకపోయినా 49కి కొన్నది 50కి ఎక్కుతుంది. రష్యా ఉక్రెయిన్‌పై దాడి చేసిన 2022లో అలాగే జరిగింది.

అందుకని ఇలాంటి ఫండు కొనేముందు ఈరోజు ధర ఒక్కటే చూస్తే చాలదు. ఎక్స్ఛేంజీలో వచ్చే నెల, ఆపై నెల ధరలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ తేడా ఎంత ఉంటే నెలనెలా కోత సుమారుగా అంత.

కరోనా లాక్‌డౌన్లలో కుషింగ్ ట్యాంకులు నిండిపోతుండగా, 2020 ఏప్రిల్ 20న మే నెల కాంట్రాక్టు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. ఫండు అప్పటికే జూన్‌కు మారిపోయింది కనుక ఆ దెబ్బ నేరుగా తగల్లేదు. ఆ తర్వాత డబ్బును దూరపు నెలలకూ పంచింది. అక్కడ ఒక నెలకూ మరో నెలకూ ధర తేడా సాధారణంగా తక్కువ, కోతా తక్కువ. అయితే ఈరోజు చమురు ధర ఎగిసినా, పడినా దూరపు కాంట్రాక్టులు అంతగా కదలవు.