ఫోనుకీ ఎండదెబ్బ!

2025 ఆగస్టులో మన డాలస్ పిక్నిక్‌కి వచ్చినవాళ్లకి ఆ రోజు ఎండ గుర్తుండే ఉంటుంది. సాయంత్రం నాలుగయినా 100 ఫారెన్‌హీట్ తగ్గలేదు. మన లెక్కలో 38 డిగ్రీలన్నమాట. మా అమ్మాయి శ్రావ్య ఆ రోజు కూచిపూడి తరంగం చేసింది. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి నాట్యం చేయడం తనకదే మొదటిసారి. గుంటూరులో ఉన్న అమ్మ "పళ్లెం మీద ఎక్కేది మాత్రం వదలకుండా తియ్యరా" అని వారం రోజుల ముందు నుంచీ చెబుతూనే ఉంది.

అందుకే నా కొత్త ఫోను ట్రైపాడ్ మీద పెట్టి, 4కె నాణ్యతలో, సెకనుకి 60 ఫ్రేములతో రికార్డింగ్ మొదలెట్టాను. స్టేజీకి షామియానా ఉంది కానీ నా ట్రైపాడ్‌కి లేదు. ఎనిమిదో నిమిషంలో స్క్రీన్ మసకబారింది. తొమ్మిదో నిమిషంలో ఫోను బాగా వేడెక్కిందని ఒక సందేశం వచ్చి కెమెరా ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే శ్రావ్య పళ్లెం ఎక్కింది!

నా అదృష్టం కొద్దీ మా ఆవిడ షామియానా నీడలో కూర్చుని, మూడేళ్ల నాటి తన లావుపాటి ఫోనుతో మామూలు 1080పి వీడియో తీస్తోంది. ఆ రాత్రి అమ్మ చూసింది ఆ వీడియోనే. నాకు మాత్రం ఇంట్లో ఒక వారం పాటు దెప్పిపొడుపులు తప్పలేదు. "బెంచ్‌మార్కుల్లో ఫస్టు వచ్చిందని కొన్నారు కదా!" అని.

నిజమే, నేను ఆ ఫోను కొన్నది స్కోరు చూసే. కంప్యూటర్లే వృత్తిగా ఇరవై ఏళ్లు పనిచేసినవాణ్ణి, స్కోరులో ఏం కొలిచారో చూడకుండా కొన్నందుకు సిగ్గుపడ్డాను. సిగ్గు తీరేదాకా పరీక్ష పెట్టి చూద్దామని మా చిన్నోడితో కలిసి కూర్చున్నాను.

డైనింగ్ టేబుల్ మీద పోటీ

ఎండలో ఒక ఫోను, నీడలో ఒక ఫోను ఉంటే అది న్యాయమైన పోటీ కాదు. పైగా నాది 4కె, తనది 1080పి. అందుకని రెండింటికీ కవర్లు తీసేసి, ఏసీ 25 డిగ్రీలకి పెట్టి, చార్జర్ తీసేసి, గంటసేపు చల్లబడనిచ్చాము. తరవాత రెండింటిలోనూ 3డీమార్క్ వారి వైల్డ్ లైఫ్ ఎక్స్‌ట్రీమ్ స్ట్రెస్ టెస్ట్ నడిపాము. ఒక నిమిషం పాటు సాగే గ్రాఫిక్స్ పరీక్షని ఇది ఆపకుండా 20 సార్లు నడుపుతుంది, ప్రతిసారీ ఒక స్కోరు ఇస్తుంది. చివర్న అతి తక్కువ స్కోరుని అతి ఎక్కువ స్కోరుతో భాగించి, దాన్ని "స్థిరత్వం" అని శాతంలో చూపిస్తుంది.

మొదటి నిమిషంలో నా ఫోనుకి 5100, మా ఆవిడ ఫోనుకి 3600 వచ్చాయి. నేను మీసం మెలేశాను. అయిదో నిమిషం దాటాక నా స్కోరు జారడం మొదలైంది. ఇరవయ్యో నిమిషానికి నాది 2800, తనది 3240. అంటే నా ఫోను స్థిరత్వం 55 శాతం, తనది 90 శాతం. మొదటి నిమిషంలో గెలిచింది నేనే, ఆట ముగిసేసరికి గెలిచింది మూడేళ్ల నాటి పాత ఫోను! ఆంధ్రులం ఆరంభశూరులమని ఒక నింద ఎలాగూ ఉంది, నా ఫోను దాన్ని నిజం చేసింది.

బకెట్టూ, చిల్లూ

ఎందుకిలా జరిగింది? పిల్లలూ, అడుగున చిన్న చిల్లున్న ఒక బకెట్టుని ఊహించుకోండి. కుళాయిలోంచి పడే నీళ్లు చిప్ పుట్టించే వేడి. చిల్లులోంచి కారే నీళ్లు ఫోను ఒంటి మీద నుంచి గాలిలోకి పోయే వేడి. ల్యాప్‌టాప్‌లో ఉన్నట్టు సాధారణంగా ఫోనులో ఫ్యాను ఉండదు కాబట్టి ఆ చిల్లు చాలా చిన్నది.

ఎంత చిన్నదో లెక్క వేద్దాం. ఫోను ముందూ వెనకా కలిపితే ఉపరితలం సుమారు 0.024 చదరపు మీటర్లు. కదలని గాలిలో ఒక చదరపు మీటరు, ఒక్కో డిగ్రీ తేడాకి దాదాపు 10 వాట్ల వేడిని వదులుతుంది. ఫోను ఒళ్లు 43 డిగ్రీలు, గది 25 డిగ్రీలు అనుకుంటే తేడా 18. మూడూ గుణిస్తే నాలుగు వాట్ల పైచిలుకు వస్తుంది. ఎంత ఖరీదైన ఫోనైనా మామూలు గదిలో ఎంతసేపైనా భరించగల వేడి ఇంచుమించు ఇంతే.

మరి 43 డిగ్రీల దగ్గరే ఎందుకు ఆగాలి? చిప్ దానంతటది 90 డిగ్రీలనైనా తట్టుకుంటుంది, తట్టుకోలేనిది మన చెయ్యి. 44 డిగ్రీల వేడి గంటల తరబడి చర్మానికి తగిలితే కాలిన గాయం అవుతుంది. బ్యాటరీకి కూడా వేడి పడదు. అందుకే ఫోను లోపల అక్కడక్కడా ఉన్న సెన్సార్లు ఒంటి వేడిని అంచనా వేస్తూ ఉంటాయి. హద్దు దగ్గర పడగానే సిస్టమ్ చిప్ వేగం తగ్గిస్తుంది, స్క్రీన్ వెలుగు తగ్గిస్తుంది, చార్జింగ్ నెమ్మది చేస్తుంది, ఇక గత్యంతరం లేకపోతే కెమెరాని ఆపేస్తుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు.

నా ఫోను మొదటి నిమిషంలో 10 వాట్లు ఖర్చు పెట్టిందనుకుందాం. పోయేది నాలుగు వాట్లే అయినా వెంటనే ఏమీ కాదు, ఎందుకంటే బకెట్టు ఖాళీగా ఉంది. 200 గ్రాముల ఫోను 18 డిగ్రీలు వేడెక్కడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. చాలా బెంచ్‌మార్క్‌లు ఈలోపే ముగిసిపోతాయి! అంటే పెద్ద స్కోరు చెప్పేది బకెట్టు ఖాళీగా ఉన్నప్పటి సంగతి. నిండిన తరవాత చిల్లులోంచి ఎంత పోతే అంతే పొయ్యాలి.

మా పిక్నిక్ రోజు లెక్క ఇంకా ఘోరం. బయట 38 డిగ్రీలు ఉంటే తేడా 5 డిగ్రీలే. గుణిస్తే 1.2 వాట్లు! పైగా ఎండ. నల్లటి ఫోను వీపు మీద పడే ఎండలో సగం పీల్చుకున్నా ఐదు వాట్లు. చిప్ ఏ పనీ చెయ్యకపోయినా ఎండే బకెట్టు నింపేస్తుంది. యాపిల్ సంస్థ తన ఐఫోన్లని 35 డిగ్రీల లోపు వాతావరణంలోనే వాడమని చెబుతుంది. అంటే ఆ రోజు మేము నీడలోనే హద్దు దాటి ఉన్నాం.

దీపం వత్తి చేసే పని

మరి వేపర్ చాంబర్ చేసేదేమిటి? చిప్ గోరంత ఉంటుంది, ఫోను వీపు అరచేయంత. ఏమీ చెయ్యకపోతే చిప్ ఉన్న చోట మంట, మిగతా చోట చల్లన. నేను పైన వేసిన లెక్కలో ఒళ్లంతా 43 డిగ్రీలు ఉందనుకున్నాను కదా? ఒక్క చోటే 43 ఉండి, మిగతాది 32 ఉంటే బయటికి పోయే వేడి సగానికి పడిపోతుంది. కాబట్టి వేడిని ఒళ్లంతా పరచాలి.

వేపర్ చాంబర్ అంటే లోపల ఖాళీ ఉన్న పలచటి రేకు పెట్టె. ఎక్కువగా రాగితో చేస్తారు, మందం అర మిల్లీమీటరు లోపే. అందులోంచి గాలి తీసేసి, కొన్ని చుక్కల శుద్ధమైన నీరు పోసి మూసేస్తారు. గాలి లేదు కాబట్టి నీరు 100 డిగ్రీల దాకా ఆగదు, 40 డిగ్రీలకే ఆవిరి అవుతుంది. చిప్ దగ్గర పుట్టిన ఆవిరి చల్లగా ఉన్న అంచులకి పరిగెత్తి, అన్నం గిన్నె మూతకి పట్టినట్టు నీటి బొట్లుగా మారి, తెచ్చిన వేడిని అక్కడ వదిలేస్తుంది. ఆ నీరు మళ్లీ చిప్ దగ్గరికి ఎలా వస్తుంది? పెట్టె లోపలి గోడలకి రాగి పొడితోనో జాలితోనో చేసిన వత్తి అతికించి ఉంటుంది. దీపం వత్తి నూనెని పైకి లాగినట్టే అది నీటిని వెనక్కి లాగుతుంది. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. ఐదు వాట్ల వేడి మొయ్యడానికి సెకనుకి రెండు మిల్లీగ్రాముల నీరు ఆవిరైతే చాలు.

శామ్‌సంగ్ వంటి సంస్థల ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది ఏళ్లుగా ఉంది. ఐఫోన్లలో మొదటిసారి 2025 సెప్టెంబరులో 17 ప్రోతో వచ్చింది. మా ఆవిడ ఫోనులో ఉంది, సన్నగా ఉందని నేను ముచ్చటపడి కొన్నదాంట్లో గ్రాఫైట్ పొర మాత్రమే ఉంది.

అయితే ఒక్కటి మరచిపోవద్దు. వేపర్ చాంబర్ వేడిని పరుస్తుందే కానీ మాయం చెయ్యదు. చివరికి వేడి పోవలసింది ఆ చిల్లులోంచే. ఎండలో పెడితే అదీ చేతులెత్తేస్తుంది. ఫోను వంగి పెట్టె సొట్టపోతే లోపల ఆవిరి దారి మూసుకుపోతుంది. భరించలేనంత వేడి వస్తే వత్తి నీరు తెచ్చే లోపే చిప్ దగ్గర ఎండిపోతుంది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి చెయ్యి చాలు. పది నిమిషాలు ఆట ఆడాక వీపంతా సమంగా వెచ్చగా ఉంటే మంచి గుర్తు. కెమెరా పక్కన ఒక్క చోటే చురుక్కుమంటే వేడి పాకడం లేదన్నమాట.

నెమ్మదిగా నడిస్తే లాభమేమిటి?

చిప్ ఖర్చు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజి వర్గంతో కూడా పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచాలి. అందుకే వేగం 20 శాతం తగ్గిస్తే, దాంతో వోల్టేజి 10 శాతం తగ్గిందనుకుంటే, ఖర్చు 0.8 × 0.9 × 0.9, అంటే దాదాపు 0.65. ఐదో వంతు వేగం వదులుకుంటే మూడో వంతు పైగా వేడి మిగిలింది. కాబట్టి మొదటి నిమిషపు స్కోరు పెంచడానికి ఆ చివరి మెట్టు ఎక్కడం చాలా ఖరీదైన వ్యవహారం.

ఆండ్రాయిడ్ ఫోను, పక్కన ల్యాప్‌టాప్ ఉన్న కుతూహలపరులు ఈ కమాండ్ ఇచ్చి చూడవచ్చు:

```
adb shell dumpsys thermalservice
```

అందులో Thermal Status అన్న చోట 0 ఉంటే ప్రశాంతం. అంకె పెరిగేకొద్దీ థ్రాట్లింగ్ తీవ్రమవుతున్నట్టు, 6 అంటే ఫోను ఆగిపోయే స్థితి.

ఇక ఈసారి కార్యక్రమానికి నేను చేయబోయేది చెబుతాను. ట్రైపాడ్ నీడలో పెడతాను, కవర్ తీసేస్తాను, చార్జర్ తగిలించను, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో 1080పి, 30 ఫ్రేములతో తీస్తాను. వేడెక్కితే చేతి విసనకర్రతో విసురుతాను, గాలి కదిలితే చిల్లు పెద్దదవుతుంది. ఐస్ బాక్సులో మాత్రం పెట్టను, లోపల తేమ పడితే ఫోనుకే ముప్పు. కొత్త ఫోను కొనేటప్పుడు మొదటి అంకె కాకుండా ఇరవయ్యో నిమిషపు అంకె అడుగుతాను.

శ్రావ్య దీపావళికి మళ్లీ తరంగం చేస్తానంటోంది. ఈసారి నేనే తీస్తానని అమ్మకి ఫోనులో చెప్పాను. "అలాగే తియ్యి నాన్నా. అయినా కోడల్ని కూడా ఒక పక్కన కూర్చుని తియ్యమను" అంది.