కాగితం మీద మాట, నోటి మాట: యాన్యువల్ డే స్వాగతం ఎలా చెప్పాలి?

పిల్లలూ, ఇక్కడ అల్ ఖర్జ్‌లో మా ఇంటి తెలుగు క్లాసుకి ఏడో తరగతి అమ్మాయి ఒకరు వస్తుంది. స్కూల్ యాన్యువల్ డేలో అమ్మానాన్నలకి తెలుగులో స్వాగతం చెప్పే పని తనకి వచ్చింది. వాళ్ల నాన్న ఊరి బయట డెయిరీ ఫారంలో పనిచేస్తారు. ఆ రోజు డ్యూటీ మార్చుకుని మరీ వస్తున్నారు. అందుకే తను బాగా చెప్పాలని పెద్ద పెద్ద మాటలన్నీ వెతికి ఇలా రాసుకొచ్చింది:

"గౌరవనీయులైన ముఖ్య అతిథి గారికి, ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు మరియు తమ అమూల్యమైన సమయాన్ని వెచ్చించి ఈ వార్షికోత్సవ కార్యక్రమానికి విచ్చేసిన తల్లిదండ్రులందరికీ మా పాఠశాల తరఫున హృదయపూర్వక స్వాగతం పలుకుచున్నాము. నేటి కార్యక్రమములో విద్యార్థులచే నృత్యములు, నాటిక ప్రదర్శింపబడును."

ఇందులో తప్పు ఒక్కటీ లేదు. కానీ తను పైకి చదివినప్పుడు "వార్షికోత్సవ" దగ్గర ఊపిరి అయిపోయింది. కళ్లు కాగితం మీంచి లేవలేదు. "మీ నాన్నతో ఇంట్లో ఇలాగే మాట్లాడతావా?" అని అడిగాను. నవ్వేసింది. ఇద్దరం కూర్చుని దాన్ని మళ్లీ రాశాం. ఎలా రాశామో మీరూ చూడండి.

1. వాక్యాన్ని ముక్కలు చేయండి

మొదటి వాక్యంలో మాటలు లెక్కపెట్టండి. 22 ఉన్నాయి. "స్వాగతం" అనే అసలు మాట 21వది! తెలుగులో క్రియ, అంటే పని చెప్పే మాట, మామూలుగా వాక్యం చివర వస్తుంది. చదివేవాళ్లకి అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటారు. వినేవాళ్లకి ఆ వీలు లేదు. చివరి మాట వచ్చేదాకా వాళ్లు అన్నీ గుర్తుపెట్టుకుని కూర్చోవాలి. అందుకే వాక్యం చిన్నదిగా ఉంటే క్రియ తొందరగా వస్తుంది, వినేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

ఒక ఊపిరికి ఒక వాక్యం. ఇదే మా కొలత.

2. పుస్తకం మాట తీసి ఇంటి మాట పెట్టండి

"విచ్చేసిన" అంటే "వచ్చిన". "పలుకుచున్నాము" అంటే "చెబుతున్నాం". "ప్రదర్శింపబడును" ఇంట్లో ఎవరూ అనరు. "మేం నాటిక వేస్తాం" అంటారు. అలా అంటే ఎవరు వేస్తున్నారో కూడా తెలుస్తుంది.

"మరియు" కూడా అంతే. మాట్లాడేటప్పుడు మనం "అమ్మ మరియు నాన్న వచ్చారు" అనం. "అమ్మా, నాన్నా వచ్చారు" అంటాం. మాట చివర అచ్చుని సాగదీస్తే చాలు, అదే "మరియు" పని చేస్తుంది. "టీచర్లకీ, అమ్మలకీ, నాన్నలకీ" అని పైకి అని చూడండి.

మరి ఆ "-చున్నాము", "-బడును" ఎక్కడివి? అవి పాత పుస్తకాల తెలుగు. బడి పుస్తకాల్లో జనం మాట్లాడే తెలుగే ఉండాలని 100 ఏళ్లకి ముందే గిడుగు వెంకట రామమూర్తి గారు గట్టిగా వాదించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29. ఆ రోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం.

3. "మా" నా, "మన" నా?

ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే మాట. తెలుగులో రెండు ఉన్నాయి. "మా స్కూల్" అంటే వింటున్నవాళ్లది కాదు, మాది మాత్రమే అని. "మన స్కూల్" అంటే మీదీ, మాదీ కూడా. ఎదురుగా కూర్చున్నది మీ అమ్మానాన్నలే కదా! అందుకని "మన స్కూల్ యాన్యువల్ డే" అనాలి. అయితే డాన్స్ చేసేది పిల్లలే. అక్కడ "మేం డాన్స్ చేస్తాం" అనాలి. "మనం డాన్స్ చేస్తాం" అంటే నాన్నలందరూ లేచి స్టేజీ ఎక్కాలి!

4. మర్యాద మాత్రం తీయకండి

మాట్లాడినట్టు చెప్పడమంటే ఫ్రెండ్‌తో మాట్లాడినట్టు కాదు. "హాయ్, అందరూ వచ్చారా?" అంటే పెద్దవాళ్లకి బాగుండదు. "గారు", "అండీ", "మీరు" ఉండాల్సిందే. పేర్లు చెప్పే వరస కూడా మార్చకూడదు. ముందు ముఖ్య అతిథి గారు, తర్వాత ప్రిన్సిపాల్ గారు, టీచర్లు, అమ్మానాన్నలు. "స్వాగతం" అన్న మాట కూడా ఉంచాం. అది పండగ మాట, సభలో అందరూ వాడేదే.

మీ ఇంట్లో "వచ్చిన్రు" అంటారా, "వచ్చారు" అంటారా? ఏదైనా మంచి తెలుగే. మీ ఇంట్లో అనేదే మొదటి నుంచి చివరిదాకా అనండి. సగం అదీ, సగం ఇదీ అయితే అరువు తెచ్చుకున్నట్టు వినిపిస్తుంది.

ఇప్పుడు ఎలా ఉంది?

"అందరికీ నమస్కారమండీ! ఇవాళ మన స్కూల్ యాన్యువల్ డే. ముఖ్య అతిథి గారికీ, ప్రిన్సిపాల్ గారికీ, మా టీచర్లకీ స్వాగతం. మా అమ్మలకీ, నాన్నలకీ స్వాగతం. మీలో కొందరు డ్యూటీ నుంచి నేరుగా ఇటే వచ్చారు. కొందరు చంటిపిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. మీరొచ్చారు, మాకు చాలా సంతోషంగా ఉంది. ఇవాళ మేం డాన్సులు చేస్తాం, ఒక నాటిక వేస్తాం. ఎక్కడైనా తడబడితే నవ్వండి, పర్లేదు. చివర్లో మాత్రం చప్పట్లు కొట్టండి! ఇక మొదలుపెడదామా?"

"అమూల్యమైన సమయాన్ని వెచ్చించి" ఎక్కడికి పోయిందో గమనించారా? దాని బదులే "డ్యూటీ నుంచి నేరుగా ఇటే వచ్చారు" అన్న వాక్యం వచ్చింది. పాత మాట ఏ స్కూల్లోనైనా, ఎవరికైనా చెప్పొచ్చు. కొత్తది ఆ హాల్లో కూర్చున్నవాళ్ల గురించే. దాన్ని ఆ అమ్మాయే రాసింది.

"మీరొచ్చారు" కూడా చూడండి. "మీరు", "వచ్చారు" అని విడివిడిగా పలికితే చదివినట్టుంటుంది. గబగబా మాట్లాడేటప్పుడు ఆ రెండూ కలిసిపోతాయి. "మేము" కూడా అలాగే "మేం" అయిపోతుంది.

అమ్మమ్మ పరీక్ష

రాసింది బాగా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇండియాలో ఉన్న అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేయండి. వీడియో వద్దు, మామూలు కాల్ చాలు. ముందుగా ఏమీ చెప్పకుండా మీ స్వాగతం మొదలుపెట్టండి. "ఏంటమ్మా, ఏదో చదువుతున్నావు?" అన్నారంటే ఇంకా కాగితం వాసన పోలేదు. ఎక్కడ ఆపి అడిగారో ఆ వాక్యం కింద గీత పెట్టుకుని మళ్లీ రాయండి.

మా అమ్మాయి కూడా వాళ్ల అమ్మమ్మకి ఫోన్ చేసింది. మొదటిసారి "సంతోషంగా ఉంది" దగ్గర అమ్మమ్మ ఆపారు. తను "చాలా హర్షిస్తున్నాము" అని రాసుకుంది మరి! అది మార్చి, రెండోసారి చేసింది. "ఇక మొదలుపెడదామా?" అనగానే అటువైపు నుంచి "ఆఁ, కానీయ్ తల్లీ!" అని జవాబొచ్చింది.

మీరు చేయండి

ఈ మూడు వాక్యాల్ని మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయండి. తర్వాత పైకి చెప్పి చూడండి.

1. విద్యార్థులకు బహుమతులు అందజేయబడును.
2. తల్లులు మరియు తండ్రులు ముందు వరుసలో ఆసీనులు కావలసినదిగా కోరుచున్నాము.
3. కార్యక్రమానంతరము భోజన వసతి కల్పించబడినది.