వంగితే ఏమైతది?

కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తా లేపుతుంటే నడుము పట్టేయడం మా రుద్రంగి దిక్కు కొత్తేం కాదు. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం నెలలు గడిచినా పోదు. నేను ఫిజియోథెరపిస్టుని. ఈ రెండో రకం వాళ్లు వస్తే నేను ముందు చూసేది వాళ్లు బూట్లు ఎట్లా విడుస్తున్నారని!

మొన్న వచ్చిన తమ్ముడికి 26 ఏళ్లు. బస్తా లేపి నడుము పట్టేసి మూడో నెల. లేసు విప్పకుండా, ఒక కాలి వేళ్లతో ఇంకో కాలి మడమ తొక్కి బూటు లాగేశాడు. నడుము కర్రలాగా నిటారుగా ఉంది. బెల్టు కూడా ఉంది. "స్కానింగ్‌లో డిస్క్ ఉబ్బిందన్నరక్కా. వంగితే జారుతది" అన్నాడు. ఇంట్లో అమ్మ కూడా "వంగకు బిడ్డా" అంటూనే ఉందట.

ఆ రిపోర్టు గురించి ఒక మాట. నొప్పి అనేదే లేని 20 ఏళ్ల వాళ్లకు స్కానింగ్ తీసినా, దాదాపు 30 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. అంటే ఆ ఉబ్బు బస్తా కంటే ముందు నుంచే ఉండి ఉండొచ్చు. రిపోర్టులో ఈ ముక్క ఎవరూ రాయరు. అదే నాకు చిరాకు.

మరి మూడు నెలలైనా నొప్పి ఎందుకు పోలేదు? ఇది మనసు కల్పించిన నొప్పి కాదు, నిజమైనదే. కానీ దెబ్బ మానినా కాపలా ఆగలేదు. వంగాల్సి వస్తే చాలు, అతను ఊపిరి బిగబడతాడు, నడుము కండరాలన్నీ బిగుసుకుంటాయి. రోజంతా పిడికిలి బిగించి ఉంచితే చెయ్యి నొప్పెడుతుంది కదా, నడుముదీ అదే కథ. ఆ నొప్పిని చూసి "ఇంకా మానలేదు" అనుకుంటాడు, ఇంకా తక్కువ కదులుతాడు. కండరాలు బలం తగ్గుతాయి, చిన్న పనికే సలుపు మొదలవుతుంది. ఈ సుడిగుండాన్ని 2000లో వ్లాయన్, లింటన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు వివరంగా రాశారు. అందులో అసలు కీలకం ఏంటంటే, వంగని మనిషికి వంగితే ఏమవుతుందో తెలుసుకునే చాన్సే రాదు.

మొదలుపెట్టే ముందు కొన్ని అడిగాను. కాలు బలహీనపడుతోందా, మూత్రం పట్టు తప్పుతోందా, తొడల మధ్య మొద్దుబారిందా, జ్వరం ఉందా, బరువు తగ్గావా అని. వీటిలో ఏది ఉన్నా వ్యాయామం కాదు, వెంటనే డాక్టర్ దగ్గరికి. ఎముక విరిగి ఇంకా అతకని వాళ్లకు కూడా ఈ పద్ధతి కాదు. అతనికి ఇవేవీ లేవు.

తర్వాత భయపడే పనులన్నీ ఫోన్‌లో రాయించి, పక్కన పదికి ఎంత భయమో వేయించాను. పడుకుని మోకాళ్లు ఛాతీకి లాక్కోవడం 2. కుర్చీలో కూర్చుని లేసు కట్టడం 4. నేల మీది ఫోన్ తీయడం 7. నీళ్ల బకెట్ 8. బస్తా 10.

కింద నుంచి మొదలుపెట్టాం. ఫోన్ మెట్టు వచ్చేసరికి పది రోజులైంది. "తీస్తే ఏమైతది?" అని అడిగా. "పట్టేస్తది, లేవలేను" అన్నాడు. అదీ రాయించా. బెల్టు తీసి, మోకాలి మీద చెయ్యి ఆనించకుండా, ఊపిరి వదులుతూ వంగమన్నా. బెల్టుతో వంగితే "బెల్టు కాపాడింది" అనుకుంటారు, భయం అట్లనే ఉంటుంది. వంగాడు, తీశాడు. కొంచెం లాగింది, రెండు నిమిషాల్లో పోయింది. "పట్టలేదక్కా!" అన్నాడు. ఆ మాట కూడా అతని ముందు రాతకిందే రాయించాను.

బకెట్‌కు కొలత సులువు. లీటరు నీళ్లంటే కిలో బరువు. ఐదు లీటర్లతో మొదలు, రోజుకు ఐదుసార్లు. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఫర్వాలేదు, తెల్లారేసరికి మామూలుకి రావాలి. అట్లా మూడు రోజులు నడిస్తే ఇంకో రెండు లీటర్లు.

ఇందులో చాలామంది దెబ్బతినేది బాగున్న రోజునే. మూడో వారం అతనికి హుషారొచ్చి ఒకేసారి రెండు నిండు బకెట్లు మోశాడు. తెల్లారి లేవడమే కష్టమైంది. "అయిపోయిందక్కా, మళ్లీ మొదటికొచ్చింది" అని ఫోన్. పడుకోవద్దన్నాను. ఆ రోజు మూడు లీటర్లే, రెండుసార్లే, కానీ మానొద్దన్నాను. నాలుగో రోజుకి మళ్లీ పాత లెక్కకొచ్చాడు. ఇప్పుడు పదిహేను లీటర్ల దగ్గరున్నాడు. బస్తా ఇంకా దూరమే, వానాకాలం కోతలకు టైముంది.