రెడ్ కార్డు బరువెంత? గోల్ బరువెంత?

2006 మే 17, పారిస్ శివార్లలోని స్టాడ్ ద ఫ్రాన్స్. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో బార్సిలోనా, ఆర్సెనల్ తలపడుతున్నాయి. 18వ నిమిషంలో గోల్ వైపు దూసుకెళ్తున్న ఎటోను పెనాల్టీ గీత బయట ఆర్సెనల్ గోల్‌కీపర్ లేమన్ పడగొట్టాడు. పక్కకు దొర్లిన బంతిని జూలీ ఖాళీ గోల్‌లోకి తన్నాడు. కానీ రిఫరీ తేర్యే హాగే అప్పటికే విజిల్ ఊదేశాడు. గోల్ చెల్లలేదు. లేమన్‌కు రెడ్ కార్డు, బార్సిలోనాకు ఫ్రీ కిక్ దక్కాయి.

ఆట నడుస్తుండగా మారే పందెం ధరలను, అంటే ఆడ్స్‌ను, అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఒకే క్షణంలో గోల్, రెడ్ కార్డు పక్కపక్కన నిలబడ్డాయి. బార్సిలోనాకు ఏది ఎక్కువ లాభం?

లెక్క మొదలుపెట్టడానికి ఒక ఊహ కావాలి. 90 నిమిషాల్లో బార్సిలోనా సగటున 1.5 గోల్స్, ఆర్సెనల్ 1.1 గోల్స్ కొడతాయనుకుందాం. గోల్స్ ఆటంతా ఇదే వేగంతో పడతాయనీ అనుకుందాం. 18 నిమిషాలు పోతే మిగిలింది 72, అంటే మొత్తం సమయంలో 80 శాతం. కనుక ఆ సగటులు 1.2కు, 0.88కు తగ్గుతాయి. సగటు తెలిస్తే ఎన్ని గోల్స్ పడటానికి ఎంత అవకాశముందో పాయిజాన్ సూత్రం చెబుతుంది. దాని ప్రకారం 0-0 దగ్గర, 90 నిమిషాల్లోపే బార్సిలోనా గెలిచే అవకాశం నూటికి 43, డ్రా 30, ఆర్సెనల్ గెలుపు 27. నూటిని 43తో భాగిస్తే వచ్చే సుమారు 2.3 బార్సిలోనా గెలుపుకు న్యాయమైన ధర. పందెం నడిపేవాళ్లు తమ లాభం మిగుల్చుకుని అంతకన్నా కాస్త తక్కువే ఇస్తారు.

జూలీ గోల్ చెల్లి ఉంటే? అక్కడినుంచి ఇరుజట్లూ సమానంగా గోల్స్ కొట్టినా బార్సిలోనాదే గెలుపు. అంటే అంతకుముందు డ్రాకు ఉన్న 30 మొత్తం గెలుపు ఖాతాలో చేరి 43 కాస్తా 73 అవుతుంది. ధర 1.37కు పడిపోతుంది. స్కోరు సమంగా ఉన్నప్పుడు పడే గోల్ విలువ ఆ క్షణాన డ్రాకు ఉన్న అవకాశమే. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలావరకు చాలు.

రెడ్ కార్డు స్కోరును ముట్టుకోదు, గోల్స్ పడే వేగాన్ని మారుస్తుంది. 2006 ప్రపంచకప్, 2008 యూరో పోటీల పందెం ధరలను పరిశీలించిన వెచెర్ బృందం అంచనాలో, పదిమంది మిగిలిన జట్టు వేగం దాదాపు మూడింట రెండు వంతులకు తగ్గుతుంది, ఎదుటి జట్టుది పావువంతు పెరుగుతుంది. ఆ గుణకాలతో బార్సిలోనా అవకాశం 43 నుంచి 60కి చేరింది. గోల్ ఇచ్చేది 30, కార్డు ఇచ్చింది 17.

37వ నిమిషంలో కథ అడ్డం తిరిగింది. పదిమందితోనే ఆడుతున్న ఆర్సెనల్‌కు సోల్ క్యాంప్‌బెల్ తలతో గోల్ కొట్టాడు. దాని గెలుపు అవకాశం 14 నుంచి 47కు ఎగసింది. ఆధిక్యంలో ఉన్నా సగానికి చేరలేదు! స్కోరు బోర్డు ఒక్కటే చూసే ప్రేక్షకుడు ఇక్కడే పొరబడతాడు. ఇంకా 53 నిమిషాలు ఒక మనిషి తక్కువగా ఆడాలి.

గడియారం కదిలేకొద్దీ గోల్, కార్డు ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో నడుస్తాయి. 75వ నిమిషానికి ఆర్సెనల్ అవకాశం 76. మరుసటి నిమిషమే ఎటో స్కోరు సమం చేయగానే అది 8 దగ్గరికి కూలింది. సమయం తక్కువగా ఉంటే డ్రా అవకాశం పెరుగుతుంది గనుక గోల్ బరువూ పెరుగుతుంది. రెడ్ కార్డుకు మాత్రం పని చేయడానికి సమయం కావాలి. అదే 75వ నిమిషంలో, స్కోరు సమంగా ఉన్న మ్యాచ్‌లో మొదటిసారి కార్డు చూపిస్తే ఎదుటి జట్టు అవకాశం ఇదే లెక్కలో 19 నుంచి 24కు మాత్రమే పెరుగుతుంది. కార్డు పడగానే ధర అంతకు మించి ఎగిరిపడితే అది అతి అనే చెప్పాలి.

ఈ లెక్క పట్టుకోలేనివీ ఉన్నాయి. ఆధిక్యంలో ఉన్న జట్టు వెనక్కి తగ్గి కాపు కాస్తుంది, అదనపు నిమిషాలు కలుస్తాయి. ఎవరు బయటికి వెళ్లారన్నదీ ముఖ్యమే. లేమన్ పోతే రెండో గోల్‌కీపర్ అల్మూనియా కోసం ఆర్సెనల్ దాడికి పనికొచ్చే పిరేస్‌ను వదులుకోవాల్సి వచ్చింది. అలాంటప్పుడు రెండు మూడు అంకెలు అటూ ఇటూ సర్దడం సబబే. పది, పదిహేను కాదు.

81వ నిమిషంలో బెల్లెట్టి కొట్టిన గోల్‌తో బార్సిలోనా 2-1తో కప్పు గెలిచింది. అయినా 18వ నిమిషపు విజిల్ వల్ల నష్టపోయింది బార్సిలోనాయే. కాస్త ఆగి ఉంటే గోల్ ఇవ్వగలిగేవాడినని హాగే తర్వాత తానే ఒప్పుకున్నాడు.