ఇంగ్లిషు ‘అండ్’ రష్యన్‌లో ‘ఆ’ ఎందుకవుతుంది?

రష్యన్ మొదలుపెట్టిన వాళ్ళకి తొలి పాఠాల్లోనే మూడు బుల్లి మాటలు తగులుతాయి: ‘ఇ’, ‘ఆ’, ‘నో’. ఇంగ్లిషు ద్వారా నేర్చుకునేవాళ్ళకి వీటి అర్థాలు సాధారణంగా ఇలా చెబుతారు: ‘ఇ’ అంటే అండ్, ‘నో’ అంటే బట్, ‘ఆ’ అంటే అండ్ లేదా బట్. ఈ మూడో అర్థంతో ఎవరికీ పని జరగదు. అందుకని చాలామంది ‘ఆ’ని వదిలేసి, అండ్ కనిపిస్తే ‘ఇ’, బట్ కనిపిస్తే ‘నో’ పెట్టేస్తారు. చెప్పింది ఎదుటివాళ్ళకి అర్థమవుతుంది గానీ, చాలా చోట్ల వాక్యం వాళ్ళ చెవికి ఎబ్బెట్టుగా తగులుతుంది. రష్యన్లు ఆ చోట్లలో వాడేది ‘ఆ’.

ఒక చిన్న వాక్యం తీసుకుందాం. నాకు టీ ఇష్టం, మా ఆవిడకి కాఫీ ఇష్టం. ఇంగ్లిషులో ఈ రెండు ముక్కల మధ్య అండ్ పెట్టొచ్చు, బట్ పెట్టొచ్చు, వైల్ పెట్టొచ్చు, కాస్త పుస్తకాల భాషలో వేరాజ్ కూడా పెట్టొచ్చు. రష్యన్‌లో మామూలుగా చెప్పాలంటే ఒక్కటే: ‘యా ల్యుబ్ల్యూ చాయ్, ఆ జెనా ల్యూబిత్ కోఫె.’ ఇక్కడ ఇద్దరు మనుషులున్నారు, ఇద్దరికీ చెరో ఇష్టం ఉంది. ఒకరి ఇష్టం మరొకరికి అడ్డు రావడం లేదు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, ఈయన సంగతి ఇది, ఆవిడ సంగతి అది అని చూపించడమే ‘ఆ’ చేసే పని.

అదే చోట ‘నో’ పెడితే తప్పు వ్యాకరణం కాదు, కానీ కథ మారుతుంది. ‘నాకు టీ ఇష్టమే, కానీ మా ఆవిడకి కాఫీ ఇష్టం’ అన్నట్టు వినిపిస్తుంది. వినేవాడు తర్వాతి ముక్క కోసం చూస్తాడు: అందుకే మా ఇంట్లో టీపొడి ఉండదు అనో, రోజూ ఇదే గొడవ అనో. మొదటి ముక్క విన్నాక మనం ఒకటి అనుకుంటాం. అది అలా జరగలేదని, ఏదో అడ్డుపడిందని చెప్పేది ‘నో’. వాన పడుతోంది, కానీ వెచ్చగా ఉంది. వానంటే చలి అనుకుంటాం, ఇక్కడ కాదు. అది అచ్చమైన ‘నో’ వాక్యం.

‘ఇ’ మాత్రం రెండు ముక్కల్నీ ఒకే వైపు నడిపిస్తుంది. నాకు టీ ఇష్టం, మా ఆవిడకీ టీయే ఇష్టం అన్నప్పుడు ‘ఇ జెనా తోజె ల్యూబిత్ చాయ్’. వాన మొదలైంది, మేం వెనక్కి వచ్చేశాం అన్నప్పుడూ ‘ఇ’యే, ఎందుకంటే రెండోది మొదటిదాని కొనసాగింపు. టీ, కాఫీ వాక్యంలో ‘ఇ’ పెడితే, ఇష్టాలు వేరని చెబుతూనే రెంటినీ ఒక గాట కట్టినట్టు ఉంటుంది. ఇంగ్లిషు అండ్‌కి ఈ పట్టింపు లేదు, అందుకే అనువాదంలో ఎక్కువ తప్పులు దొర్లేది బట్ దగ్గర కాదు, అండ్ దగ్గర.

ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. రష్యాలో వైద్యం చదవడానికి వెళ్ళే మన పిల్లలు రష్యన్‌ని ఇంగ్లిషు మీదుగా నేర్చుకుంటారు గానీ, ఈ ఒక్క విషయంలో తెలుగు మీదుగా వెళ్ళడమే దగ్గర దారి అని నా నమ్మకం. ‘అన్నయ్య మాస్కోలో ఉంటాడు, నేనేమో కజాన్‌లో’ అంటాం చూడండి, ఆ ‘ఏమో’ రష్యన్ ‘ఆ’కి చాలా దగ్గర: ‘బ్రాత్ జివ్యోత్ వ్ మస్క్వ్యే, ఆ యా వ్ కజానీ.’ పేరు చెప్పి ఎదుటివాళ్ళని ‘మరి మీ పేరు?’ అని అడిగినప్పుడు ఆ ‘మరి’ కూడా ‘ఆ’యే. ‘మరి నువ్వు?’ అంటే ‘ఆ తీ?’. ఇంగ్లిషులో ఈ రెండు ప్రశ్నల ముందూ అండ్ వస్తుంది. దాన్ని చూసి ‘ఇ తీ?’ అంటే నువ్వు కూడానా అన్న అర్థం వైపు వెళ్ళిపోతుంది. సందేహం తెలిపే ‘ఏమో’కి మాత్రం దీనితో సంబంధం లేదు, అది వేరే.

ఇక బట్ సంగతి. ఇది హోటల్ కాదు, హాస్టల్. ఒకదాన్ని కొట్టేసి ఆ ఖాళీలో ఇంకోదాన్ని పెడుతున్నాం. తెలుగులో ‘కాదు’ ఒక్కటే సరిపోతుంది, ‘కానీ’ అక్కర్లేదు. ఇంగ్లిషులో బట్ వస్తుంది, రష్యన్‌లో మాత్రం ‘నె’ అనే నిషేధం తర్వాత ‘ఆ’ వస్తుంది: ‘ఎత నె గస్తీనిత్స, ఆ అబ్షెజీతియె.’ ఇక్కడ ‘నో’ కుదరదు. జర్మన్‌లో ఈ పనికి ‘జోండెర్న్’ అని, స్పానిష్‌లో ‘సీనో’ అని విడిగా మాటలున్నాయి. ఇంగ్లిషులో ఉన్నది ఒక్క బట్టే కాబట్టి, అనువదించేవాడు అది ఏ బట్ అన్నది తనే తేల్చుకోవాలి.

అలాగని ‘నె’ కనబడగానే ‘ఆ’ అనుకోకూడదు. అదే హాస్టల్లో గది గురించి రాస్తున్నామనుకోండి. ‘గది పెద్దది కాదు, చిన్నది’ అంటే దిద్దుబాటు, కాబట్టి ‘ఆ’. ‘గది పెద్దదేం కాదు, కానీ వెచ్చగా ఉంటుంది’ అంటే దిద్దుబాటు కాదు. పెద్ద అన్న మాట స్థానంలోకి వెచ్చన రాదు, గది చిన్నదిగానూ ఉంది, వెచ్చగానూ ఉంది. అందుకని ‘నో’. ఇందులో నాకు ఎంతో నచ్చే సంగతి ఒకటుంది. ఈ తేడా రష్యన్ వర్ణక్రమంలోకి కూడా పాకింది. ‘ఆ’తో దిద్దుతున్నప్పుడు నిషేధాన్ని విడిగా రాస్తారు: ‘నె బల్షాయ, ఆ మాలెన్కయ’. ‘నో’ వచ్చినప్పుడు మామూలుగా కలిపేస్తారు: ‘నెబల్షాయ, నో త్యోప్లయ’. రష్యన్ పిల్లలు దీన్ని బడిలో నేర్చుకుంటారు. సముచ్చయం తప్పు ఎంచుకుంటే, దానికి ముందున్న మాటను రాయడం కూడా తప్పుతుందన్నమాట.

వైల్ దగ్గర ఇంకో చిక్కు. అతను నిద్రపోతుండగా నేను వంట చేశాను అన్నది ఒక సంగతి. నేను వంట చేశాను, అతనేమో నిద్రపోయాడు అన్నది ఇంకో సంగతి. ఇంగ్లిషులో రెంటికీ వైల్ సరిపోతుంది. రష్యన్‌లో మొదటిది కాలం గురించిన మాట కాబట్టి ‘పకా’: ‘పకా ఓన్ స్పాల్, యా గతోవిల్.’ రెండోదానిలో చిన్న ఫిర్యాదు ఉంది, దానికి ‘ఆ’: ‘యా గతోవిల్, ఆ ఓన్ స్పాల్.’ వేరాజ్‌కి నిఘంటువులు ‘తగ్దా కాక్’, ‘వ్ తో వ్రేమ్య కాక్’ అని చూపిస్తాయి. నివేదికల్లో, పరిశోధన వ్యాసాల్లో అవి బాగానే ఉంటాయి. నవలలో ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు పెడితే పాత్రలు పత్రం చదువుతున్నట్టు ఉంటుంది. అక్కడా ‘ఆ’యే నయం.

రెండూ చెల్లే చోట్లూ ఉన్నాయి. అతనికి ముప్పై ఏళ్ళు, ఇంకా అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నాడు. ముప్పై ఏళ్ళవాడు వేరే ఉంటాడనుకుంటాం, అది జరగలేదు కాబట్టి లెక్క ప్రకారం ‘నో’ రావాలి, వస్తుంది కూడా. అయితే మాట్లాడేవాళ్ళు చాలాసార్లు ‘ఆ’ అంటారు. వయసు చూస్తే ఇంత, వాడి వాలకం చూస్తే అలా అని రెంటినీ ఎదురెదురుగా పెట్టి ఆశ్చర్యపోవడం, కాస్త దెప్పడం అందులో ఉంటాయి. ‘నో’ పెడితే ఆ దెప్పుడు తగ్గి సమాచారంలా మిగులుతుంది. ఇలాంటి చోట వాక్యాన్ని ఒంటరిగా చూస్తే తేలదు. మూలంలో ఆ మాట అంటున్నది పక్కింటి పిన్నిగారా, కేసు చూసే గుమస్తానా అన్నది చూసి పెట్టుకోవాల్సిందే.