స్కాలర్‌షిప్ నిధి: తొమ్మిది మందికి కాక ఆరుగురికే ఎందుకు?



"ఈసారి విరాళాలు బాగా వచ్చాయి కదా, ఇంకొందరు పిల్లలకు స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చుగా?" అని కొందరు అడుగుతుంటారు. ఒక ఉదాహరణ లెక్క చూద్దాం.

మూలనిధి 60 లక్షల రూపాయలు 7 శాతం వడ్డీకి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉందనుకుందాం. ఏడాదికి వడ్డీ 4,20,000 వస్తుంది. ఇందులో 1,20,000 తిరిగి మూలనిధిలో కలపాలి. రేపు ఫీజులు పెరిగినా, వడ్డీ రేటు తగ్గినా ఆదుకునేది ఈ మొత్తమే. మిగిలిన 3 లక్షలతో, తలా 60,000 చొప్పున ఐదుగురి ఫీజు కట్టవచ్చు.

విరాళాలుగా మరో 2,40,000 వచ్చాయి. దాంతో ఎనిమిదో తరగతిలో ఇంకో నలుగురిని తీసుకుంటే తొమ్మిది మంది అవుతారు. కానీ వచ్చే ఏడాది విరాళాలు 60,000 మాత్రమే వస్తే? తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ నలుగురిలో ముగ్గురికి ఫీజు కట్టేవారుండరు.

అందుకే విరాళాన్ని "ఒక బిడ్డ, మూడేళ్లు" అని లెక్కవేయాలి. ఫీజు ఏటా 8 శాతం పెరుగుతుందనుకుంటే, పదో తరగతి పూర్తయ్యేదాకా ఒకరికి సుమారు 1,95,000 కావాలి. ఆ డబ్బును మొదట్లోనే విడిగా డిపాజిట్ చేయాలి. మిగిలిన 45,000, ఏడాది మధ్యలో ఇంటి సంపాదన ఆగిపోయిన పిల్లల కోసం ఉంచాలి.

ఏ స్కాలర్‌షిప్ బడ్జెట్ చూసినా ఒక్కటి గమనించండి. ఇప్పటికే ఎంపికైన పిల్లల రాబోయే ఏళ్ల ఫీజు విడిగా కేటాయించి కనిపించాలి. అది లేకుండా పిల్లల సంఖ్య మాత్రమే పెరిగితే, వారి చదువు వచ్చే ఏడాది విరాళాల మీద ఆధారపడి ఉందని అర్థం.